ఐదేళ్లు ఈఎంఐ కట్టినా అప్పు ఎందుకు తగ్గట్లేదు? రీపేమెంట్ పట్టికను ఇలా చదవండి

హోమ్ లోన్ తీసుకుని ఐదేళ్లయింది. ఒక్క వాయిదా కూడా తప్పలేదు. ఓ రోజు బ్యాంకు యాప్ తెరిచి, ఇంకా ఎంత బాకీ ఉందో చూశారు. తీసుకున్నది రూ.30 లక్షలు, ఇప్పటిదాకా కట్టింది రూ.15.62 లక్షలు. అయినా బాకీ మాత్రం రూ.26.44 లక్షలు చూపిస్తోంది. లెక్కలో ఎక్కడో పొరపాటు జరిగిందని చాలామంది ఇక్కడే కంగారు పడతారు.

ఈ లెక్కలో పొరపాటేమీ లేదు. లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు చేతిలో పెట్టే కాగితాల్లో ఉండే రీపేమెంట్ షెడ్యూల్‌లో ఇదంతా మొదటి రోజే రాసి ఉంటుంది. దీన్నే అమార్టైజేషన్ షెడ్యూల్ అని కూడా అంటారు. ప్రతి నెలా కట్టే వాయిదాలో వడ్డీకి ఎంత పోతుంది, అసలుకు ఎంత జమవుతుంది, ఆ తర్వాత ఎంత బాకీ మిగులుతుంది అన్నది ఇందులో నెలనెలా ఒక్కో వరసగా ఉంటుంది. దీన్ని చదవడం వస్తే వడ్డీ రేటు మారినప్పుడు మీ లోన్‌కు ఏం జరిగిందో, ముందుగా కొంత కడితే ఎంత కలిసొస్తుందో మీరే తేల్చుకోవచ్చు.

## ఒక వరస ఎలా తయారవుతుంది?

ఉదాహరణకు రూ.30 లక్షల లోన్, 20 ఏళ్ల గడువు, 8.5 శాతం వార్షిక వడ్డీ అనుకుందాం. దీనికి నెలసరి వాయిదా రూ.26,035 పడుతుంది. మొత్తం 240 వాయిదాలు.

మొదటి నెల వడ్డీని బాకీ మొత్తం మీద వేస్తారు. 30 లక్షలకు 8.5 శాతం అంటే ఏడాదికి రూ.2,55,000. దాన్ని 12తో భాగిస్తే నెలకు రూ.21,250. మీరు కట్టిన రూ.26,035లో ముందుగా ఈ వడ్డీ పోతుంది. మిగిలిన రూ.4,785 మాత్రమే అసలుకు జమవుతుంది. ఇప్పుడు బాకీ రూ.29,95,215.

రెండో నెల వడ్డీని ఈ కొత్త బాకీ మీద లెక్కిస్తారు. అది రూ.21,216 అవుతుంది. అంటే మొదటి నెల కంటే 34 రూపాయలు తక్కువ. ఆ 34 రూపాయలు అసలు వైపు వెళ్తాయి కాబట్టి ఈసారి రూ.4,819 జమవుతుంది. మూడో నెల వడ్డీ రూ.21,182, అసలు రూ.4,853. పట్టిక మొత్తం ఇలాగే సాగుతుంది. వాయిదా మారదు. అందులో వడ్డీ వాటా కొద్దికొద్దిగా తగ్గుతుంది, అసలు వాటా అంతే పెరుగుతుంది.

వడ్డీ ఎప్పుడూ మిగిలిన బాకీ మీదే పడుతుంది. మొదట్లో బాకీ పెద్దది కాబట్టి వడ్డీ కూడా పెద్దది. మొదటి ఏళ్లలో అప్పు కదలనట్టు కనిపించడానికి కారణం ఇదే.

## ఏళ్ల వారీగా చూస్తే

240 వరసలూ ఇక్కడ ఇవ్వడం కుదరదు కాబట్టి కొన్ని సంవత్సరాలను మాత్రమే తీసుకున్నాం. ప్రతి ఏటా కట్టే మొత్తం ఒకటే, సుమారు రూ.3,12,400. వడ్డీ రేటు 20 ఏళ్లూ 8.5 శాతమే ఉంటుందన్నది లెక్క. అంకెలను దగ్గరి వందకు సవరించాం.

| సంవత్సరం | వడ్డీకి (రూ.) | అసలుకు (రూ.) | ఏడాది చివర బాకీ (రూ.) |
|---|---|---|---|
| 1 | 2,52,700 | 59,700 | 29,40,300 |
| 5 | 2,28,600 | 83,800 | 26,43,800 |
| 10 | 1,84,500 | 1,28,000 | 20,99,800 |
| 15 | 1,17,000 | 1,95,400 | 12,69,000 |
| 20 | 13,900 | 2,98,500 | 0 |

మొదటి ఏడాది కట్టిన ప్రతి వంద రూపాయల్లో దాదాపు 81 రూపాయలు వడ్డీకే పోయాయి. చివరి ఏడాదికి వచ్చేసరికి వందలో 95 రూపాయలకు పైగా అసలుకు చేరుతున్నాయి. ఈ రెండు వాటాలూ తారుమారయ్యేది 143వ వాయిదా దగ్గర. అంటే దాదాపు 12 ఏళ్లు గడిచాకే వాయిదాలో అసలు వాటా వడ్డీని దాటుతుంది.

గడువు సగం అయితే అప్పు కూడా సగం తీరిపోతుందని చాలామంది అనుకుంటారు. పట్టిక వేరేలా చెబుతోంది. పదేళ్ల తర్వాత కూడా రూ.21 లక్షల బాకీ ఉంటుంది. బాకీ 15 లక్షల కంటే తగ్గేది 166వ వాయిదాతో, అంటే 13 ఏళ్ల 10 నెలలకు. మొత్తం 20 ఏళ్లలో కట్టే వడ్డీ సుమారు రూ.32.48 లక్షలు. ఇది తీసుకున్న అప్పు కంటే ఎక్కువ.

## రేటు పెరిగితే పట్టిక ఏమవుతుంది?

పైన చూపిన పట్టిక వడ్డీ రేటు మారనంత కాలమే చెల్లుతుంది. మన దగ్గర ఎక్కువ హోమ్ లోన్లు ఫ్లోటింగ్ రేటువే. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లను రెపో రేటు లాంటి బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టాలని ఆర్‌బీఐ ఆదేశించింది. కనీసం మూడు నెలలకోసారి మీ రేటును దానికి తగ్గట్టు సవరించాలి. రేటు మారిన రోజు పాత పట్టిక పక్కకు పోతుంది. ఆ రోజున్న బాకీ మీద కొత్త పట్టిక తయారవుతుంది.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు 4 శాతం నుంచి 6.5 శాతానికి పెరిగింది. అప్పుడు చాలామందికి ఈఎంఐ మారలేదు. 'మా లోన్‌కు ఏమీ కాలేదు' అనుకున్నారు. నిజానికి మారింది గడువు.

మన ఉదాహరణలోనే చూద్దాం. ఐదేళ్లు పూర్తయ్యాయి, బాకీ రూ.26,43,800, ఇంకా 180 వాయిదాలు ఉన్నాయి. ఇప్పుడు రేటు 8.5 నుంచి 9.5 శాతానికి పెరిగింది. కొత్త రేటుతో మొదటి నెల వడ్డీయే రూ.20,930. పాత ఈఎంఐనే కొనసాగిస్తే అసలుకు మిగిలేది రూ.5,105. ఆ లెక్కన లోన్ తీరడానికి 180 కాదు, 207 వాయిదాలు కావాలి. అంటే 27 నెలలు అదనం. రేటు ఇక మారకపోతే ఈ ఒక్క శాతం వల్ల అదనంగా కట్టేది సుమారు రూ.6.9 లక్షలు.

అదే గడువును 180 నెలలకే ఉంచి ఈఎంఐ పెంచమంటే వాయిదా రూ.27,607 అవుతుంది. నెలకు రూ.1,572 ఎక్కువ. 15 ఏళ్లలో అదనంగా కట్టేది సుమారు రూ.2.83 లక్షలు. రెండు దారుల మధ్య తేడా 4 లక్షల రూపాయలకు పైనే. నెలకు 1,572 రూపాయలు సర్దుకోగలిగిన కుటుంబం, తనను ఎవరూ అడగకపోవడం వల్ల ఆ 4 లక్షలు కట్టే పరిస్థితి వస్తుంది.

ఈ అడగకపోవడాన్ని ఆపడానికే ఆర్‌బీఐ 2023 ఆగస్టు 18న ఓ సర్క్యులర్ ఇచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంతకొంత మార్చుకోవాలా అన్నది రుణగ్రహీత ఎంచుకోవచ్చు. ఈఎంఐ గానీ గడువు గానీ పెరిగితే వెంటనే తెలియజేయాలి. బ్యాంకులతో పాటు హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకూ ఇది వర్తిస్తుంది. మీకు అలాంటి ఎంపిక రాకపోతే బ్రాంచికి మెయిల్ పెట్టి 'గడువు పెంచకుండా ఈఎంఐ సవరించండి' అని కోరవచ్చు.

## వాయిదా కడుతున్నా అప్పు పెరగొచ్చా?

పెరగొచ్చు. దీన్ని నెగటివ్ అమార్టైజేషన్ అంటారు. రేట్లు బాగా తక్కువగా ఉన్నప్పుడు 6.75 శాతానికి రూ.30 లక్షలు 20 ఏళ్లకు తీసుకున్నారనుకోండి. ఈఎంఐ రూ.22,811. కొన్నాళ్లకే రేటు 2.5 శాతం పెరిగి 9.25 అయితే, 30 లక్షల బాకీ మీద నెల వడ్డీయే రూ.23,125. కట్టే వాయిదా వడ్డీకి కూడా చాలదు. మిగిలిన 314 రూపాయలు అసలుకు కలిస్తే బాకీ ప్రతి నెలా పెరుగుతూ పోతుంది. ఎన్ని నెలలు కట్టినా ఆ పట్టికకు చివరి వరస రాదు.

గడువు పెంపు ఇలాంటి పరిస్థితికి దారితీయకూడదని అదే సర్క్యులర్‌లో ఉంది. మీ స్టేట్‌మెంట్‌లో దీన్ని గుర్తించడం తేలిక. వరుసగా రెండు నెలల బాకీని పక్కపక్కన పెట్టి చూడండి. వాయిదా కట్టిన తర్వాత కూడా రెండో అంకె మొదటి దానికంటే పెద్దదైతే, లేదా దాదాపు కదలకుండా ఉంటే వెంటనే బ్యాంకును అడగాలి.

## ముందుగా లక్ష కడితే ఎన్ని వరసలు దాటతారు?

బోనసో, చీటీ డబ్బో చేతికొస్తే లోన్‌లో కట్టాలా వద్దా అన్న ప్రశ్నకు కూడా ఈ పట్టికలోనే జవాబు ఉంటుంది. అదనంగా కట్టిన డబ్బు నేరుగా అసలుకు పోతుంది. అందుకే 'అసలు' గడిలో రాబోయే నెలల అంకెలను ఒకదాని తర్వాత ఒకటి కూడుతూ వెళ్లండి. మీరు కట్టే మొత్తం ఎక్కడ పూర్తవుతుందో అన్ని వరసలు దాటినట్టే.

మన ఉదాహరణలో మొదటి ఏడాది అయిపోయాక ఒక లక్ష రూపాయలు అదనంగా కట్టారనుకుందాం. 13వ నెల అసలు వాటా రూ.5,208. అక్కడి నుంచి 18 నెలల అసలు కూడితే దాదాపు లక్ష అవుతుంది. అంటే ఒక్కసారిగా 18 వాయిదాలు దాటేశారు. ఆ 18 వరసల్లో ఉన్న వడ్డీ, సుమారు రూ.3.7 లక్షలు, ఇక కట్టనక్కర్లేదు.

అదే లక్షను 15 ఏళ్లు పూర్తయ్యాక కడితే? అప్పటికి ఒక్కో వరసలో అసలే రూ.17 వేలు దాటుతుంది. లక్షకు ఆరు వరసలు కూడా పూర్తిగా రావు. కలిసొచ్చే వడ్డీ సుమారు రూ.50 వేలు. ముందస్తు చెల్లింపు మొదటి ఏళ్లలోనే ఎక్కువ ఉపయోగపడుతుందనడానికి కారణం ఇదే. అయితే ఈ 3.7 లక్షలు ఇప్పుడే చేతికొచ్చే డబ్బు కాదు. గడువు చివర్లో కట్టాల్సిన వాయిదాలు తగ్గడం వల్ల మిగిలేది. ఇంటి అవసరాలకు దాచుకున్న సొమ్మంతా తీసి లోన్‌లో వేసే ముందు ఈ విషయం గుర్తుండాలి.

ఇక్కడ ఒక చిన్న పని మరవకూడదు. అదనపు డబ్బు కట్టాక గడువు తగ్గించాలా, ఈఎంఐ తగ్గించాలా అన్నది బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పాలి. పైన చెప్పిన లెక్క ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గిస్తేనే. గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గిస్తే వాయిదా రూ.25,149 అవుతుంది. నెలకు 885 రూపాయలు చేతిలో మిగులుతాయి కానీ మొత్తం మీద కలిసొచ్చే వడ్డీ సుమారు లక్ష మాత్రమే. వ్యక్తులు సొంతిల్లు వంటి అవసరాలకు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు లోన్లపై ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయకూడదు. కాబట్టి ఆ పేరుతో ఏమైనా కోత పడితే అడగవచ్చు.

## పట్టిక సరిగానే ఉందా? ఇలా చూసుకోండి

లెక్క సరిచూడటానికి ఏ వరసైనా సరిపోతుంది. ముందు నెల చివరి బాకీని వార్షిక రేటుతో గుణించి 12తో భాగించండి. వచ్చిన అంకె తర్వాతి వరసలోని వడ్డీతో సరిపోవాలి. ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్ యాప్ ఉంటే మొత్తం లెక్కకు మూడు ఫార్ములాలు చాలు.

```
=PMT(8.5%/12, 240, -3000000)
=IPMT(8.5%/12, 1, 240, -3000000)
=NPER(9.5%/12, -26035, 2643816)
```

మొదటిది ఈఎంఐ చెబుతుంది. రెండోది ఒకటో నెల వడ్డీ. ఆ 1 స్థానంలో ఏ నెల సంఖ్య వేస్తే ఆ నెల వడ్డీ వస్తుంది. మూడోది రేటు మారాక ఇంకా ఎన్ని వాయిదాలు కట్టాలో చెబుతుంది. ఇక్కడ 206.6 అని చూపిస్తుంది, అంటే 207 వాయిదాలు, చివరిది మాత్రం చిన్నది. వీటిలో మీ అంకెలు వేసుకోండి.

పట్టికతో లెక్క కలిసినా, ఖాతా స్టేట్‌మెంట్‌లో వడ్డీ కాస్త అటూఇటూ కనిపించవచ్చు. కొన్ని బ్యాంకులు వడ్డీని రోజుల లెక్కన వేస్తాయి. 30 లక్షల మీద 8.5 శాతానికి 31 రోజుల నెలకు రూ.21,658, ఫిబ్రవరిలో 28 రోజులకు రూ.19,562 అవుతుంది. ఏడాది మొత్తం మీద ఇది దాదాపు సర్దుకుపోతుంది. అందుకే ఒక్క నెల తేడా చూసి కంగారు పడక్కర్లేదు.

అడగాల్సిన తేడాలు వేరే ఉన్నాయి. డబ్బు విడుదలైన రోజు నుంచి కాకుండా లోన్ మంజూరైన రోజు నుంచో, ఒప్పందంపై సంతకం చేసిన రోజు నుంచో వడ్డీ వేయడం అందులో ఒకటి. నెల మధ్యలో డబ్బు ఇచ్చి నెల మొత్తానికీ వడ్డీ తీసుకోవడం మరొకటి. ఒకట్రెండు వాయిదాలు ముందే పట్టుకుని, పూర్తి మొత్తం మీద వడ్డీ లెక్కించడం ఇంకొకటి. తనిఖీల్లో ఇలాంటివి బయటపడ్డాయని, అలా వసూలు చేసిన సొమ్ము తిరిగి ఇవ్వాలని ఆర్‌బీఐ 2024 ఏప్రిల్ 29న చెప్పింది. వీటి కోసం పట్టిక మొదటి వరసలోని తేదీని, మీ ఖాతాలో లేదా బిల్డరు ఖాతాలో డబ్బు పడిన తేదీని పోల్చి చూడాలి.

కడుతున్న అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొన్నవాళ్లు మరో సంగతి గమనించాలి. నిర్మాణం సాగే కొద్దీ బ్యాంకు విడతలుగా డబ్బు ఇస్తుంది. అప్పటిదాకా చాలామంది కట్టేది ప్రీ-ఈఎంఐ, అంటే ఇచ్చిన మేరకు వడ్డీ మాత్రమే. అందులో అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. పట్టికలో ఒకటో వరస పూర్తి ఈఎంఐ మొదలయ్యాకే వస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నిర్మాణం రెండేళ్లు ఆలస్యమైతే, రెండేళ్లు కట్టినా అప్పు అంతే ఉందనిపించడానికి కారణం ఇదే.

## ఈ పట్టిక ఎక్కడ దొరుకుతుంది?

2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త రిటైల్ లోన్లకు, సంతకానికి ముందే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. దాన్ని రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇచ్చి వివరించాలి. అన్ని రుసుములూ కలిపిన వార్షిక రేటుతో పాటు పూర్తి కాలానికి రీపేమెంట్ పట్టిక కూడా అందులో భాగం. తెలుగులో కావాలని అడగడానికి వెనకాడక్కర్లేదు.

పాత లోన్లవాళ్లు బ్యాంకు యాప్‌లో లేదా వెబ్‌సైట్‌లో లోన్ ఖాతా కింద 'రీపేమెంట్ షెడ్యూల్' కోసం చూడాలి. అక్కడ లేకపోతే బ్రాంచిలో అడిగి తీసుకోవచ్చు. ఇది కాక, 2023 సర్క్యులర్ ప్రకారం ప్రతి మూడు నెలలకోసారి ఒక స్టేట్‌మెంట్ అందుబాటులో ఉంచాలి. ఇప్పటివరకు వసూలైన అసలు, వడ్డీ, ఈఎంఐ మొత్తం, ఇంకా మిగిలిన వాయిదాలు, వార్షిక వడ్డీ రేటు అందులో ఉండాలి.

ఆ స్టేట్‌మెంట్ వచ్చినప్పుడు ముందుగా చూడాల్సింది మిగిలిన వాయిదాల సంఖ్య. మూడు నెలల్లో మూడు వాయిదాలు కట్టారు కాబట్టి ఆ సంఖ్య కూడా మూడు తగ్గాలి. తగ్గకపోతే, లేదా పెరిగితే, రేటు మారి పట్టికను మళ్లీ రాశారన్నమాట. రేటు తగ్గినప్పుడు కూడా ఈ పరిశీలన అవసరమే. 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు మధ్య రెపో రేటు 6.5 శాతం నుంచి 5.25 శాతానికి దిగింది. మీ లోన్ రెపోకు ముడిపడి ఉంటే, ఈఎంఐ మారకపోయినా మిగిలిన వాయిదాలు మూడు కంటే ఎక్కువే తగ్గి ఉండాలి. ఈఎంఐ గానీ, వాయిదాల సంఖ్య గానీ ఏదీ మారలేదంటే మీ లోన్ ఇంకా ఎంసీఎల్ఆర్, బేస్ రేటు లాంటి పాత పద్ధతిలో ఉందేమో కనుక్కోండి. రెపో పద్ధతికి మారడానికి ఎంత రుసుము పడుతుందో కూడా అడగండి. తగ్గే రేటుతో ఎన్ని వరసలు తగ్గుతాయో పైన చెప్పిన మూడో ఫార్ములాతో చూసి, ఆ రుసుము కట్టడం లాభమో కాదో నిర్ణయించుకోవచ్చు.